అవే ఐదు మాటలు మళ్లీ అడిగితే…

రిటైరైన ఒక మాస్టారికి మరుపు ఎక్కువైందని కొడుకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడనుకుందాం. అక్కడ ‘మోకా’ అనే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టారు. మాంట్రియల్‌లో రూపొంది 2005లో వెలువడిన ఈ పరీక్షకు 30 మార్కులు, పట్టేది పది నిమిషాలే. అందులో ఐదు మాటలు చదివి వినిపిస్తారు. వేరే ప్రశ్నలతో ఐదు నిమిషాలు గడిచాక, “ఇందాకటి మాటలు చెప్పండి మాస్టారూ” అంటారు. అసలు మాటలు అచ్చువేస్తే పరీక్షే చెడుతుంది కాబట్టి గంప, వేప, నది, అద్దం, పసుపు అనుకుందాం. ఆయనకు గంప, పసుపు గుర్తొచ్చాయి. మొత్తం 23.

మూడు నెలలకు అదే కాగితంతో మళ్లీ పరీక్షించారు. ఈసారి నాలుగు మాటలు చెప్పారు. 25 వచ్చాయి. “మందు పనిచేస్తోంది నాన్నా!” అని కొడుకు సంబరపడ్డాడు.

పనిచేసింది మందేనా? ఆ మాటలు ఆయన ఇదివరకే విన్నారు. మళ్లీ అడుగుతారనీ తెలుసు. ఇలా పెరిగే మార్కుల్నే అభ్యాస ప్రభావం అంటారు. మొదటిసారికీ రెండోసారికీ మధ్యే ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మళ్లీ పరీక్షించినా ఫలితం నిలకడగా ఉండటం విశ్వసనీయత. కొలవాలనుకున్నదాన్నే కొలవడం సప్రమాణత. రెండోసారి అందరికీ రెండేసి మార్కులు పెరిగాయనుకోండి. ఎవరి వరుస వాళ్లదే కాబట్టి లెక్కల్లో విశ్వసనీయత చక్కగానే కనిపిస్తుంది. కానీ ఆ రెండు మార్కులు కోలుకోవడాన్ని చూపడం లేదు, పాత ప్రశ్నల పరిచయాన్ని చూపుతున్నాయి. అసలు నష్టం సప్రమాణతకే. నెమ్మదిగా ముదురుతున్న మరుపు ఈ పెరుగుదల చాటున దాగిపోవచ్చు.

అందుకే మోకాకు వేరే మాటలు, వేరే బొమ్మలతో సమాంతర ప్రతులు ఉన్నాయి. మాటలు మారిస్తే చాలదు, కష్టం సమానంగా ఉండాలి. దాన్ని తేల్చడానికి కొందరికి ముందు మొదటి ప్రతి, మిగిలినవాళ్లకు ముందు రెండోది ఇచ్చి మార్కులు పోల్చుతారు.

మాస్టారికి రెండో ప్రతి ఇస్తే ఒక్క మాటే గుర్తొచ్చి, 22 వచ్చాయనుకుందాం. జబ్బు ముదిరిందని దానితో తేల్చలేం. నిద్ర చాలకపోయినా, కంగారుపడినా ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. మెరుగైందన్న ఆధారం మాత్రం పోయింది.

కొత్త ప్రతి కూడా పరీక్ష తీరు తెలిసిపోవడాన్ని పూర్తిగా చెరపలేదు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న అదే వయసువాళ్లకు రెండోసారి సాధారణంగా ఎంత పెరుగుతుందో దానితో పోల్చి చూడాలి.

ఇంట్లో పెద్దవాళ్లకు మళ్లీ పరీక్ష చేయిస్తుంటే, క్రితంసారి ఏ ప్రతి వాడారో రిపోర్టులో రాయించుకోండి. ప్రేమకొద్దీ ఆ మాటలు ఇంట్లో వల్లె వేయించకండి.