రెండో పొర చేరగానే తగ్గిపోయే వెలుగు

మెకానిక్ షెడ్లలో వాడే నల్లటి మోలీ గ్రీజును చాలామంది చూసే ఉంటారు. దానికి ఆ నలుపు, ఆ జారుడుతనం ఇచ్చేది మాలిబ్డినం డైసల్ఫైడ్. ఇదే పదార్థం నుంచి ఒకే ఒక్క పొరను విడదీసి దాని మీద ఆకుపచ్చ లేజర్ వేస్తే, అది ఎర్రటి కాంతిని తిరిగి ఇస్తుంది. రెండు పొరలు ఉంటే అదే లేజర్ కింద ఆ ఎరుపు బాగా తగ్గిపోతుంది. దిమ్మగా ఉంటే దాదాపు ఏమీ రాదు. పదార్థం ఎక్కువైన కొద్దీ వెలుగు తగ్గుతోంది! దీని వెనక ఉన్న విశేషాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క పొర అంటే మూడు వరుసలు

మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరను బొబ్బట్టుతో పోల్చుకోవచ్చు. మధ్యలో పూర్ణంలా మాలిబ్డినం పరమాణువుల వరుస ఉంటుంది. పైనా కిందా పిండిలా గంధకం వరుసలు ఉంటాయి. ఈ మూడూ కలిస్తేనే ఒక పొర. దాని మందం సుమారు 0.65 నానోమీటర్లు. పొర లోపలి బంధాలు చాలా గట్టివి. ఒక పొరకూ దాని మీది పొరకూ మధ్య ఉండేవి మాత్రం బలహీనమైన వాండర్ వాల్స్ బలాలే. పొర మీద పొర జారుతుంది కాబట్టే ఇది గ్రీజుకు పనికొస్తుంది. ఆ కారణంగానే మామూలు అంటుకునే టేపుతో ఈ స్ఫటికం నుంచి పొరలను ఊడదీయవచ్చు కూడా.

ఒకే స్ఫటికంలో రెండు అంతరాలు

అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు నిండి ఉండే శక్తిస్థాయిలను వేలన్సీ పట్టీ అంటారు. దాని పైన ఖాళీగా ఉండేది వాహక పట్టీ. ఈ రెండింటి నడుమ ఎడమే బ్యాండ్ గ్యాప్. అయితే పట్టీలు చదునుగా ఉండవు. ఎలక్ట్రాన్ ద్రవ్యవేగం మారే కొద్దీ అవి కొండల్లా లేస్తాయి, లోయల్లా దిగుతాయి. వేలన్సీ పట్టీలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరానికీ, వాహక పట్టీలో అన్నిటికన్నా లోతైన లోయకూ మధ్య తేడాను గ్యాప్‌గా లెక్కిస్తారు.

దిమ్మగా ఉన్న మాలిబ్డినం డైసల్ఫైడ్‌లో ఆ శిఖరం ఒక చోట, ఆ లోయ మరో చోట ఉంటాయి. ద్రవ్యవేగం సున్నా అయిన గామా బిందువు దగ్గర శిఖరం. గామాకూ, ద్రవ్యవేగ పటంలో కె అనే మూలకూ దాదాపు మధ్యలో ఉన్న క్యూ బిందువు దగ్గర లోయ. వాటి మధ్య తేడా సుమారు 1.29 ఎలక్ట్రాన్ వోల్టులు. లోయ శిఖరానికి సరిగ్గా పైన లేదు కాబట్టి దీన్ని పరోక్ష గ్యాప్ అంటారు. కె బిందువు దగ్గర కూడా ఒక శిఖరం, దానికి నిట్టనిలువుగా పైన ఒక లోయ ఉన్నాయి. అక్కడి తేడా దాదాపు 1.9 ఎలక్ట్రాన్ వోల్టులు. అది ప్రత్యక్ష గ్యాప్. కానీ దిమ్మలో అంతకన్నా తక్కువ శక్తి ఉన్న చోటు వేరే ఉండడంతో ఎలక్ట్రాన్లు కె దగ్గర నిలవవు.

కాంతికి పక్కకు నడిపించే శక్తి లేదు

లోయలోని ఎలక్ట్రాన్ శిఖరం మీది ఖాళీలోకి దిగితే మిగిలిన శక్తి కాంతిగా రావచ్చు. నిలువుగా దిగడం సులువు. పక్కకు జరిగి దిగాలంటే ద్రవ్యవేగంలోని తేడాను ఎవరో ఒకరు భరించాలి. ఇక్కడ క్యూ నుంచి గామాకు ఉన్న దూరం, ఆ శక్తి గల కాంతి కణం మోయగల ద్రవ్యవేగానికి దాదాపు వెయ్యి రెట్లు. అంత తేడాను కాంతి ఒక్కటే తీర్చలేదు. స్ఫటికంలోని కంపనం ఒకటి అదే క్షణంలో సాయపడాలి. అలాంటి కలయిక అరుదు. ఈలోగా ఎలక్ట్రాన్ తన శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. అందుకే దిమ్మ వెలగదు.

పొరలు తీసేస్తే కదిలేది ఒకటే గ్యాప్

పొరలు తగ్గితే గ్యాప్ పెరుగుతుందని ఒక్క మాటలో చెప్పేస్తారు. అసలు విశేషం ఆ మాటలో కనిపించదు. దిమ్మలో 1.29గా ఉన్న పరోక్ష గ్యాప్ పొరలు తగ్గే కొద్దీ పెరుగుతూ, రెండు పొరల దగ్గర సుమారు 1.6కు చేరుతుంది. కె దగ్గరి ప్రత్యక్ష గ్యాప్ మాత్రం ఈ దారి పొడవునా 0.1 ఎలక్ట్రాన్ వోల్టు కూడా మారదు. రెండు పొరల నుంచి ఒక పొరకు వచ్చేసరికి పరోక్ష గ్యాప్ ప్రత్యక్ష గ్యాప్‌ను దాటి పైకి వెళ్లిపోతుంది. అంతవరకూ వెనకబడి ఉన్న కె ఇప్పుడు అన్నిటికన్నా తక్కువ గ్యాప్ ఉన్న చోటు అవుతుంది. కె తన చోటు నుంచి పెద్దగా కదలకుండానే మొదటి స్థానానికి వచ్చిందన్న మాట.

ఈ మార్పు మెల్లమెల్లగా జరిగేది కాదు. మూడు పొరలైనా, రెండు పొరలైనా గ్యాప్ పరోక్షమే. ఒక్క పొరలోనే అది ప్రత్యక్షం.

పిండి పిండికి తగులుతుంది, పూర్ణం పూర్ణానికి తగలదు

ఒకటి కదిలి, మరొకటి ఎందుకు కదలదు? మళ్లీ బొబ్బట్టునే తలుచుకుందాం. బొబ్బట్ల మీద బొబ్బట్లు పేరిస్తే ఒకదానికొకటి తగిలేది పైపిండే, లోపలి పూర్ణం కాదు. కె దగ్గరి ఎలక్ట్రాన్లు ప్రధానంగా మధ్యలోని మాలిబ్డినం డి ఆర్బిటాళ్లకు చెందినవి. అవి పొర నడుమ ఒదిగి ఉంటాయి. పక్కన ఇంకో పొర ఉన్నా లేకున్నా వాటికి పెద్ద తేడా తెలియదు. గామా దగ్గరి స్థితుల్లో గంధకపు పి-జెడ్ ఆర్బిటాళ్లకు గట్టి వాటా ఉంది. అవి పొరకు నిలువుగా బయటికి చాచుకుని ఉంటాయి. పక్క పొరలోని వాటిని తాకి, వాటితో కలుస్తాయి. క్యూ దగ్గరి స్థితుల్లో కూడా గంధకం వాటా తగినంత ఉంది.

రెండు స్థితులు కలిస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి చీలుతాయి. అలా గామా శిఖరం ఇంకా ఎత్తుకు లేస్తుంది, క్యూ లోయ ఇంకా లోతుకు దిగుతుంది. పరోక్ష గ్యాప్ రెండు వైపుల నుంచీ కుంచించుకుపోతుంది. పక్క పొరను తీసేస్తే ఆ కలయిక పోతుంది. గామా దిగుతుంది, క్యూ పైకి వస్తుంది. వెలుగు రావాలా వద్దా అని తేల్చేది పొరల మధ్య ఉన్న ఈ తాకిడే.

1986లో దొరికిన పొర, 2010లో కనిపించిన వెలుగు

కెనడాలో ఫ్రిండ్ట్, ఆయన సహచరులు 1986లోనే ఒంటి పొరలను తయారు చేశారు. పొరల మధ్యలోకి లిథియంను చొప్పించి, నీటిలో వేసి విడదీశారు. కానీ లిథియం ఇచ్చే ఎలక్ట్రాన్ల వల్ల పొరలో పరమాణువుల అమరికే మారి, చాలా భాగం లోహం లాంటి రూపంలోకి వెళుతుంది. లోహానికి గ్యాప్ ఉండదు, కాబట్టి ఈ వెలుగూ ఉండదు. అలాంటి పొరలను వేడిచేసి పాత అమరికకు తెస్తే వెలుగు తిరిగి వస్తుందని 2011లో చూపించారు.

టేపుతో ఊడదీసిన పొరలకు ఈ ఇబ్బంది లేదు. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయంలో టోనీ హైన్జ్ బృందం, కాలిఫోర్నియా బర్క్‌లీలో ఫెంగ్ వాంగ్ బృందం విడివిడిగా ఈ ఎర్రటి వెలుగును ప్రకటించాయి. కొలంబియా వారు పొరను చిన్న రంధ్రాల మీద పరిచి, కింద ఏ ఆధారమూ తగలకుండా కొలిచారు. ఒంటి పొర పీల్చుకున్న ప్రతి వెయ్యి కాంతి కణాలకు సుమారు నాలుగు తిరిగి వచ్చాయి. కొన్ని పొరలున్న ముక్కల్లో లక్షకు ఒకటి, పది లక్షలకు ఒకటి మాత్రమే వచ్చాయి.

ఒక పొరేనా, రెండా? ఒక ముక్కను పరీక్షిద్దాం

టేపుతో ఊడదీసిన ముక్కలను సుమారు 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉన్న సిలికాన్ బిళ్ల మీద అద్దుతారు. ఆ మందం దగ్గర ఒంటి పొర కూడా సూక్ష్మదర్శినిలో లేత మచ్చలా కనబడుతుంది. అనుమానం ఉన్న ముక్క మీద మొదట రామన్ వర్ణపటం తీస్తారు. అందులో రెండు శిఖరాలు కనిపిస్తాయి. ఒంటి పొరలో అవి సెంటీమీటరుకు 384, 403 తరంగాల దగ్గర, అంటే దాదాపు 19 తేడాతో ఉంటాయి. రెండు పొరలైతే ఆ తేడా 21, 22 దాకా పెరుగుతుంది. దిమ్మలో 25కు చేరుతుంది.

తర్వాత వెలుగును చూస్తారు. 660 నానోమీటర్ల దగ్గర బలమైన ఎరుపు వచ్చి, 780 దగ్గర ఏమీ లేకపోతే అది ఒంటి పొర. ఎరుపు బలహీనపడి 780 దగ్గర అదనంగా ఒక చిన్న గుబ్బ కనిపిస్తే రెండు పొరలు. ఆ గుబ్బే 1.6 ఎలక్ట్రాన్ వోల్టుల పరోక్ష గ్యాప్ సంతకం. రెండు పొరల్లోనూ కొంచెం ఎరుపు మిగలడానికి కారణం ఉంది. కె లోయలో పడిన ఎలక్ట్రాన్లలో కొన్ని, లోతైన లోయలోకి జారేలోపే అక్కడే దిగిపోతాయి.

పొరబడే చోట్లు

వెలుగు తక్కువగా ఉందని ఆ ముక్కలో రెండు పొరలున్నాయని తేల్చకూడదు. గంధకం పరమాణువులు ఊడిపోయిన ఖాళీలు, ఆధారం నుంచి చేరిన అదనపు ఎలక్ట్రాన్లు ఒంటి పొర వెలుగును కూడా మింగేస్తాయి. 2015లో బర్క్‌లీలో అలీ జావే బృందం ఒక సూపర్ ఆమ్లంతో ఒంటి పొరను శుద్ధి చేస్తే, వెలుగు సామర్థ్యం 95 శాతం దాటింది. వెయ్యికి నాలుగు అన్న పాత లెక్క ఈ గ్యాప్ పరిమితి కాదని, పొరలోని లోపాల పరిమితి అని దీనితో తెలిసింది.

సాగదీసినా తేడా వస్తుంది. ఒంటి పొరను ఒక శాతం సాగదీస్తే ఎర్ర శిఖరం సుమారు 0.045 ఎలక్ట్రాన్ వోల్టులు కిందికి జరుగుతుంది. ఒకటిన్నర శాతం దగ్గర గ్యాప్ మళ్లీ పరోక్షం అవుతుంది. విడిగా తీసిన రెండు ఒంటి పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు మధ్యలో మురికి చిక్కుకుంటే ఇందుకు తలకిందులుగా జరుగుతుంది. మందం రెండు పొరలంత ఉన్నా, ఆర్బిటాళ్లు తాకవు కాబట్టి అవి రెండు ఒంటి పొరల్లాగే వెలుగుతాయి.

1.9 అసలు గ్యాప్ కాదు

వెలుగు నుంచి చదివిన ఈ 1.9 అనేది ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ జంటగా ఉన్నప్పటి శక్తి. ఇంత పలుచటి పొరలో వాటి మధ్య ఆకర్షణను అడ్డుకునే పదార్థం తక్కువ. అందుకే ఆ జంట గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. జంటను విడదీసి, ఎలక్ట్రాన్‌ను స్వేచ్ఛగా తిరగనివ్వడానికి అదనంగా ఎలక్ట్రాన్ వోల్టులో కొన్ని పదో వంతులు కావాలి. ట్రాన్సిస్టర్ లెక్కలకు ఆ పెద్ద గ్యాప్ కావాలి, వెలుగు లెక్కలకు 1.9 చాలు.

కొండ కుంగడం కంటితో చూసినట్టే

వెలుగు సాక్ష్యం ఎంత బలమైనదైనా పరోక్షమే. 2013లో కొలంబియా వారు మరికొందరితో కలిసి ఇంకో దారి పట్టారు. అతినీలలోహిత కాంతితో పొరలోని ఎలక్ట్రాన్లను బయటికి తన్ని, అవి ఏ కోణంలో, ఎంత శక్తితో వచ్చాయో కొలిచి, వేలన్సీ పట్టీ ఆకారాన్నే గీశారు. దిమ్మలో గామా దగ్గర ఉన్న శిఖరం పొరలు తగ్గే కొద్దీ కిందికి వచ్చింది. ఒంటి పొరలో ఎత్తైన శిఖరం కె దగ్గరకు మారింది. ఈ పద్ధతికి ఖాళీ స్థితులు కనబడవు కాబట్టి క్యూ లోయ పైకి రావడాన్ని అది చూపలేదు. కొండ కుంగడాన్ని మాత్రం చూపింది. పక్క పొరలోని గంధకం దూరమైతే కొండ కుంగాలన్న లెక్క సరైనదేనని అలా తేలింది.