విత్తన లోపం బయటపడినప్పుడు కంపెనీ ప్రకటన: వాస్తవం, క్షమాపణ, తదుపరి చర్యల భాష
(ఆదోని, ఎమ్మిగనూరు పత్తి ప్రాంతం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం

లోపమున్న సరుకు కొనుగోలుదారుల చేతికి చేరిన తరువాత కంపెనీ విడుదల చేసే ప్రకటనలో మూడు అంగాలుంటాయి: జరిగినదేమిటో చెప్పడం, క్షమాపణ కోరడం, చేయబోయేదేమిటో తెలపడం. ఈ మూడు అంగాలను పత్తి విత్తనం విషయంలో తెలుగు భాష ఎలా మోస్తుందో, ఎక్కడ దాటవేతకు అవకాశమిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. కర్నూలు జిల్లా వినియోగదారుల ఫోరం నుంచి సుప్రీంకోర్టు వరకు వెళ్లిన విత్తన వివాదాన్ని, 2010 నాటి బీటీ పత్తి ప్రకటనను ఆధారంగా తీసుకుని, ఒక నమూనా సందర్భాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సంక్షోభ ప్రకటన, విత్తన లోపం, క్షమాపణ భాష, లాటు, మొలక శాతం, ఆదోని.

1. ఉపోద్ఘాతం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పత్తి ప్రధానంగా వర్షాధార పంట. ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి, అక్కడి జిన్నింగ్ మిల్లుల పని, రైతు చేసిన అప్పు తీరడం, ఇవన్నీ జూన్, జూలై నెలల్లో పడే ఒకటి రెండు పదునులపై ఆధారపడి ఉంటాయి. విత్తనం మామూలు సరుకు వంటిది కాదు. పాడైన గడియారాన్ని తిరిగి దుకాణంలో ఇవ్వవచ్చు. నేలలో పడిన విత్తనాన్ని తిరిగి ఇవ్వడం సాధ్యం కాదు. లోపం తెలిసేనాటికి సరుకూ మిగలదు, అదునూ మిగలదు. అందువల్ల విత్తన కంపెనీ ప్రకటనలో ప్రతి వాక్యమూ రైతు మరునాడు పొలంలో తీసుకునే నిర్ణయానికి సంబంధించినదే అవుతుంది.

2. వాస్తవ కథనం: ఆధారం ఎవరి చేతిలో ఉంది?

నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ సరఫరా చేసిన విత్తనాలు లోపభూయిష్ఠమైనవని, వాటివల్ల పంట నష్టపోయామని ఆంధ్రప్రదేశ్ రైతులు కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాలను ఆశ్రయించారు. ఫోరాలు రైతుల పక్షాన తీర్పునిచ్చాయి. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులు వినియోగదారులు కారనీ, విత్తనాన్ని ప్రయోగశాలలో పరీక్షించకుండా లోపాన్ని నిర్ధారించరాదనీ సంస్థ వాదించింది. 2012 జనవరిలో వెలువడిన తీర్పు ఈ వాదనలను అంగీకరించలేదు.

ఆ తీర్పులోని ఒక తర్కం ప్రకటనల అధ్యయనానికి ముఖ్యమైనది. రైతు కొన్న విత్తనమంతా విత్తుతాడు. రేపు పరీక్షకు అవసరమవుతుందని కొంత దాచి ఉంచాలని అతని నుంచి ఆశించలేం. 1968 నాటి విత్తన నియమావళి ప్రకారం అమ్మిన ప్రతి లాటు వివరాలను వ్యాపారి మూడేళ్లపాటు భద్రపరచాలి. లాటు అంతా అమ్ముడైన తరువాత కూడా ఏడాది వరకు దాని నమూనాను పారవేయరాదు. కనుక పరీక్షకు కావలసిన ఆధారం అమ్మినవారి వద్దే ఉంటుంది.

ఈ దృష్టితో చూస్తే, “రైతులు ఆధారాలతో సంప్రదిస్తే పరిశీలిస్తాం” అనే వాక్యం మర్యాదగా కనిపించినా బాధ్యతను తలకిందులు చేస్తుంది. వాస్తవ కథనం లాటు సంఖ్యతో మొదలు కావాలి. ఎన్ని ప్యాకెట్లు, ఏ మండలాలకు, ఏ తేదీల్లో వెళ్లాయో చెప్పాలి. నిల్వ నమూనాను తిరిగి పరీక్షకు పెట్టారా లేదా అన్నది చెప్పాలి. ఇవన్నీ కంపెనీ దస్త్రాలలో ఉన్న విషయాలే.

3. కర్త కనిపించని వాక్యం

తెలుగులో అకర్మక, సకర్మక క్రియల జంటలు విస్తారం: కలిసింది - కలిపాం, తగ్గింది - తగ్గించాం, చెడింది - చెరిచాం. సంక్షోభ ప్రకటనలు మొదటి రూపాన్నే ఆశ్రయిస్తాయి. “కొన్ని ప్యాకెట్లలో మొలక శాతం తగ్గింది” అన్న వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, అబద్ధమూ లేదు. కాని తగ్గడం దానంతట అదే జరిగిన పనిగా వినిపిస్తుంది. “నిరుటి విత్తనాన్ని తిరిగి పరీక్షించకుండా ప్యాకెట్లలో నింపాం” అన్నప్పుడే పని చేసినవారు కనిపిస్తారు.

సర్వనామం విషయంలోనూ ఇదే పరిస్థితి. తెలుగుకు ‘మేము’, ‘మనము’ అనే భేదం ఉంది. ఇంగ్లీషు మూలంలో ఈ భేదం ఉండదు కనుక అనువాదకుడు ఎంచుకోక తప్పదు. “ఈ సమస్యను మనం కలిసి ఎదుర్కొందాం” అన్న వాక్యం నష్టం చేసినవారిని, నష్టపోయినవారిని ఒకే గట్టున నిలబెడుతుంది. వాస్తవ కథనంలోనూ క్షమాపణలోనూ ‘మేము’ తప్ప మరొక రూపానికి తావు లేదు.

2010 మార్చిలో మాన్‌శాంటో సంస్థ భారతదేశంలో చేసిన ప్రకటన ఇక్కడ గమనింపదగినది. గుజరాత్‌లోని అమ్రేలీ, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో గులాబీరంగు పురుగు తొలితరం బీటీ పత్తిలోని క్రై1ఎసి మాంసకృత్తుకు తట్టుకుంటున్నట్లు 2009 సీజన్ పరిశీలనలో తేలిందని సంస్థ తానే వెల్లడించింది. జిల్లాల పేర్లు, మాంసకృత్తు పేరు, పరిశీలన కాలం ఉన్నందువల్ల వాస్తవ కథనంగా అది స్పష్టమైనదే. ఆ నిర్ధారణపై కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ వైపు నుంచి అప్పట్లో సందేహాలు వ్యక్తమయ్యాయంటే, అది పరీక్షకు నిలిచేంత నిర్దిష్టంగా ఉందనే అర్థం.

కారణాల దగ్గరకు వచ్చేసరికి కర్త మారాడు. ఇటువంటి ప్రతిఘటన సహజమైనదని, ఊహించినదేనని సంస్థ వివరించింది. ఆశ్రయ పంట తగినంత వేయకపోవడాన్ని, అనుమతి లేని బీటీ విత్తనాలను ముందుగా వాడడాన్ని కారణాలుగా చూపింది. ఆశ్రయ పంట కోసం 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనాన్ని విడి ప్యాకెట్‌గా ఇచ్చేవారు. చిన్న కమతంలో దానికి చోటు వదలడం రైతుకు నష్టంగా తోచింది. ఆ కష్టాన్ని పక్కన పెట్టి ‘వేయలేదు’ అనడంతో భారం రైతు వైపు జరిగింది. పైగా రెండు మాంసకృత్తులున్న రెండో తరం విత్తనంలో ఈ సమస్య కనిపించలేదన్న భరోసా కూడా ఆ ప్రకటనలో ఉంది. కొన్నేళ్లకే రెండో తరం పత్తిలోనూ గులాబీరంగు పురుగు నిలదొక్కుకుంది. ‘ఇప్పటివరకు కనిపించలేదు’ అన్నది వాస్తవం. దానిని పరిష్కారంగా చూపినప్పుడు అది వాగ్దానంగా మారుతుంది.

4. విచారమా, క్షమాపణా?

“చింతిస్తున్నాం”, “విచారిస్తున్నాం”, “క్షమాపణ కోరుతున్నాం” అనే మూడు పదబంధాలు పర్యాయపదాలు కావు. మొదటి రెండింటిని నష్టంతో ఏ సంబంధమూ లేనివారు కూడా అనవచ్చు. మూడవదానిలో తప్పు చేసినవారు, క్షమించే అధికారం ఉన్నవారు అనే ఇద్దరుంటారు. ఇందువల్లనే న్యాయ సలహాదారులు మూడవదానికి వెనుకాడతారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2006లో చేసిన చట్టం ప్రకారం క్షమాపణను తప్పును అంగీకరించడంగా, బాధ్యతాంగీకారంగా న్యాయస్థానంలో వాడరాదు. భారతదేశంలో అటువంటి సాధారణ చట్టం లేదు. కంపెనీ భయానికి ఆధారం ఉంది.

అయితే ఆ భయం వల్ల పుట్టే వాక్యం మరింత నష్టం చేస్తుంది. “ఎవరికైనా అసౌకర్యం కలిగి ఉంటే చింతిస్తున్నాం” అనేది తెలుగు ప్రకటనల్లో తరచు కనిపించే రూపం. ఇందులోని ‘ఉంటే’ నష్టాన్నే అనుమానంలో పెడుతుంది. మొలవని చేను ముందు నిలబడిన మనిషికి ‘అసౌకర్యం’ అన్న మాట ఎగతాళిగా వినబడుతుంది. తెలిసినంత మేరకే తప్పును ఒప్పుకుంటూ ఆ మేరకు నిస్సంకోచంగా క్షమాపణ కోరడం దీనికి మార్గం. మొలక తక్కువని తేలితే దానికి క్షమాపణ చెప్పవచ్చు. దిగుబడి నష్టం ఎంతో ఇంకా తేలలేదని వేరే వాక్యంలో చెప్పవచ్చు. రెండింటినీ ఒకే ‘ఉంటే’ కింద చేర్చనక్కరలేదు.

5. నమూనా సందర్భం

ఈ మూడు అంగాలు ఎలా కలుస్తాయో చూడడానికి ఒక కల్పిత సందర్భాన్ని తీసుకోవచ్చు. ఒక కంపెనీ ఒకే లాటుకు చెందిన 1,200 పత్తి ప్యాకెట్లను ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి మండలాల దుకాణాలకు పంపింది. వాటిలో 840 రైతులకు చేరాయి. విత్తిన వారానికి మొలకలు పలచగా ఉన్నాయని కబురు వచ్చింది.

మొదట తేల్చవలసింది లోపం విత్తనానిదా, నేలదా అన్నది. లోతుగా విత్తినా, పదును చాలకపోయినా, వాన వెలిసి పైమన్ను గట్టిపడినా మంచి విత్తనం కూడా పైకి రాదు. ఒకే చేలో ఒకే రోజు విత్తిన వేరొక లాటు బాగా మొలిచి ఇది మొలవకపోతే, అదీ వేర్వేరు గ్రామాల్లో అలాగే కనిపిస్తే, అనుమానం విత్తనం మీదికి వస్తుంది. మండల వ్యవసాయ అధికారితో కలిసి ఇటువంటి చేలను చూడడం మొదటి అడుగు.

రెండవది పరీక్ష. నిల్వ నమూనా నుంచి 400 గింజలను మొలకకు పెడితే 4వ రోజు తొలి లెక్క, 12వ రోజు తుది లెక్క వస్తాయి. సంకర పత్తికి కనీస మొలక 75 శాతం ఉండాలి. చిక్కు ఇక్కడే ఉంది. పోగుంటలు నింపడానికి విత్తిన తరువాత సుమారు 10 రోజులే వ్యవధి. తుది ఫలితం వచ్చేదాకా కంపెనీ ఆగితే రైతుకు అదును పోతుంది. ఆగకపోతే పూర్తిగా రుజువు కాని విషయం చెప్పినట్లవుతుంది. ఈ కారణంగా ప్రకటన రెండు విడతలుగా రావాలి. మొదటిది తొలి లెక్క నాటికే ఇలా ఉండవచ్చు:

“ఈ లాటు విత్తనం సరిగా మొలవడం లేదని మూడు మండలాల రైతులు మాకు చెప్పారు. మేము దాచిన నమూనాలో 4వ రోజుకు 100 గింజలకు 46 మాత్రమే మొలిచాయి. తుది లెక్క 12వ రోజున వస్తుంది, ఆనాడే ప్రకటిస్తాం. అంతవరకు మీరు ఆగవద్దు. ప్యాకెట్ సంచిగాని, రసీదుగాని, రెండూ లేకపోతే దుకాణదారు ఖాతాలో మీ పేరుగాని చూపితే వేరే లాటు విత్తనం ఉచితంగా ఇస్తాం. దానిని తీసుకున్నందువల్ల నష్టపరిహారం అడిగే మీ హక్కు పోదు. దుకాణాల్లో మిగిలిన 360 ప్యాకెట్ల అమ్మకం ఆపాం. సరిగా మొలవని విత్తనం మీకు అమ్మినందుకు మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాం.”

ఇందులో తేలిన విషయం, తేలవలసిన విషయం వేర్వేరు వాక్యాల్లో ఉన్నాయి. ‘ఖాతాలో పేరు’ అన్న చిన్న ఏర్పాటు అరువుకు కొని రసీదు తీసుకోనివారిని బయట పెట్టకుండా చూస్తుంది. హక్కు పోదన్న వాక్యం లేకపోతే ఉచిత విత్తనమే రాజీపత్రంగా మారే ప్రమాదముంది. రెండవ విడత ప్రకటనలో తుది శాతం, లోపానికి కారణం, విత్తనం ధర, తిరిగి విత్తడానికైన ఖర్చు చెల్లించే తేదీ ఉండాలి. తుది లెక్క 75 దాటితే ఆ సంగతినీ అంతే స్పష్టంగా చెప్పాలి. అప్పటికి ఇచ్చిన విత్తనం ఖరీదు కంపెనీ భరించవలసిందే. ముందుగా మాట్లాడినందుకు అది చెల్లించే మూల్యం అది.

ప్రకటన చేరే తోవ కూడా అర్థంలో భాగమే. కన్నడ సరిహద్దుకు ఆనుకుని, ఉర్దూ కూడా వాడుకలో ఉన్న ఆదోని ప్రాంతంలో పత్రికా ప్రకటన ఒక్కటే చాలదు. లాటు సంఖ్య ప్యాకెట్‌పై ఎక్కడ ఉంటుందో చూపే బొమ్మతో విత్తన దుకాణం గోడపై అంటించిన కాగితం, ఊళ్లో వేయించిన దండోరా ఎక్కువమందికి చేరతాయి. దండోరాలో పొడవైన సంయుక్త వాక్యం నిలవదు. ఆ నిర్బంధమే ప్రకటనను సూటిగా రాయిస్తుంది.

6. ముగింపు

సంక్షోభ ప్రకటన నిజాయితీని కొలవడానికి మూడు ప్రశ్నలు చాలు. క్రియకు కర్త ఎవరు? క్షమాపణకు షరతు ఉందా? తదుపరి చర్యకు తేదీ ఉందా? కర్నూలు రైతుల వివాదంలో న్యాయస్థానం ఆధారాన్ని దాచవలసిన భారం అమ్మినవారిపై ఉంచింది. ప్రకటనలోని భాష ఆ భారాన్ని మోస్తున్నదో, రైతు భుజం మీదికి జరుపుతున్నదో ఈ మూడు ప్రశ్నల వల్ల తెలుస్తుంది. వ్యవహార తెలుగు, అనువాదం బోధించే తరగతుల్లో ఇటువంటి ప్రకటనలను పాఠ్యాంశంగా తీసుకుని, అకర్మక క్రియలను సకర్మకాలుగా మార్చి తిరిగి రాయించడం మంచి అభ్యాసం అవుతుంది.