యాభై దాటిన కండకు క్రియాటిన్

జిమ్‌కి వెళ్లే కుర్రాళ్ల డబ్బాగా పేరుపడ్డ క్రియాటిన్ ఇప్పుడు అమ్మానాన్నల చేతికీ వస్తోంది. అమెరికా నుంచి వచ్చిన కొడుకో కూతురో సూట్‌కేసులోంచి తీసి, "రోజూ ఒక చెంచా కలుపుకుని తాగు నాన్నా, కండ తగ్గదు" అని చెప్పి వెళ్తున్నారు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం యూరోపియన్ యూనియన్ 2017లో ఇచ్చిన ఒక అనుమతిలో స్పష్టంగా ఉంది. అక్కడ ఆహార పదార్థం డబ్బా మీద ఆరోగ్యానికి ఫలానా మేలు అని రాయాలంటే ముందు ఆధారాలు చూపించాలి. క్రియాటిన్ విషయంలో 55 ఏళ్లు దాటినవారి కోసం వాళ్లు ఒప్పుకున్న మాట ఇది: రోజూ తీసుకుంటే, బరువుల వ్యాయామం వల్ల కండకు వచ్చే బలం మరికాస్త పెరగవచ్చు. పెంచేది వ్యాయామం ఇచ్చే ఫలితాన్ని. వ్యాయామం లేకపోతే పెంచడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఎందుకలా? కుర్చీలోంచి లేవాలన్నా, బియ్యం బస్తా ఎత్తాలన్నా కండకు వెంటనే శక్తి కావాలి. ఆ శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కండలో కొద్దిగానే ఉంటుంది, గట్టిగా పనిచేస్తే కొన్ని సెకన్లకే ఖర్చయిపోతుంది. అప్పుడు కండలో దాచి ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేటు చేబదులిచ్చినట్టుగా అక్కడికక్కడే ఆ లోటు పూడుస్తుంది. నిల్వ ఎక్కువుంటే బరువును పదిసార్లు ఎత్తగలిగినవారు పదకొండోసారీ ఎత్తగలుగుతారు. వారానికి మూడు రోజులు, నెలల తరబడి ఆ అదనపు పని చేస్తే కండ దానికి తగ్గట్టు ఎదుగుతుంది. క్రియాటిన్ చేసే సాయం ఇదే. రోజూ సాయంత్రం నడిచి వచ్చి క్రియాటిన్ తాగేవారికి పెద్దగా ఏమీ కనిపించకపోవడానికి కారణమూ ఇదే. నడక గుండెకు మంచిదే కానీ, అందులో కండ అంత గట్టిగా పనిచేయాల్సిన క్షణం రాదు.

మన శరీరం రోజుకు సుమారు ఒక గ్రాము క్రియాటిన్ తనే తయారు చేసుకుంటుంది. మాంసం, చేపల నుంచి మరికొంత వస్తుంది. కానీ కిలో పచ్చి మాంసంలో ఉండేది నాలుగైదు గ్రాములే. పాలలో ఉన్నది లెక్కలోకి రాదు, పప్పుల్లో అసలే లేదు. అందుకే శాకాహారుల కండల్లో నిల్వ తక్కువ, పొడి తీసుకున్నప్పుడు వాళ్లలో పెరుగుదల ఎక్కువ. మోతాదు రోజుకు 3 నుంచి 5 గ్రాములు. మొదటి వారం రోజుకు 20 గ్రాములు తాగాలని కొన్ని డబ్బాల మీద ఉంటుంది. పెద్దవారికి ఆ తొందర అక్కర్లేదు. రోజుకు 3 గ్రాములతో కూడా నెల తిరిగేసరికి కండలో నిల్వ దాదాపు అంతే అవుతుందని 1996లోనే తేలింది. పైగా 20 గ్రాములకు కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకునే అవకాశం ఎక్కువ. కొనేటప్పుడు క్రియాటిన్ మోనోహైడ్రేట్ అని ఉన్న సాదా పొడి చాలు. అంతకు రెండింతలు ధర పెట్టి అమ్మే కొత్త రకాలు దీనికంటే మెరుగని తేలలేదు. గోరువెచ్చని నీళ్లలో త్వరగా కరుగుతుంది. కలిపింది ఆ పూటే తాగేయాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజమండ్రిలో 62 ఏళ్ల రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన ఉన్నారనుకోండి. శాకాహారి, షుగర్ లేదు, కిడ్నీ జబ్బు లేదు. మొదలుపెట్టే ముందు రెండు పనులు చేశారు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చుంటే 14 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, అంతకు మించి పడితే శరీర సామర్థ్యం తగ్గినట్టు లెక్క అని ఆసియా వైద్య నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత. రెండోది రక్తపరీక్ష. క్రియాటినిన్ 1.0 వచ్చింది.

ఇక వ్యాయామం. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 65 నుంచి 75 శాతం ఉండాలన్నది యూరప్ వాళ్ల షరతు. ఇంట్లో ఆ లెక్క కట్టడం కష్టం కాబట్టి ఇలా చూసుకోవచ్చు: పది, పదిహేను సార్లు చేసేసరికి ఇక మరొకటి చేయలేం అనిపించాలి. ఆయన అయిదు కిలోల బియ్యం ప్యాకెట్ గుండెకు హత్తుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టారు. టేబుల్ అంచు పట్టుకుని దండీలు, కిటికీ ఊచకు కట్టిన రబ్బరు బ్యాండును వెనక్కి లాగడం కూడా చేశారు. పదిహేను తేలిగ్గా దాటినప్పుడల్లా ప్యాకెట్ బరువు పెంచారు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. అదే అయిదు కిలోలతో ఆరు నెలలు చేస్తే కండకు కొత్త పని చెప్పినట్టు కాదు.

మొదటి వారాల్లో తూకం ముప్పావు కిలో పెరిగింది. అది కండల్లోకి చేరిన నీరు, కొవ్వు కాదు. కండ కూడా కాదు, అప్పుడే సంబరపడకూడదు. మూడు నెలల తర్వాత కుర్చీ పరీక్ష 11 సెకన్లకు దిగింది. ఇందులో సింహభాగం వ్యాయామానిదే. పెద్ద వయసువారిపై జరిగిన 22 అధ్యయనాలను కలిపి 2017లో లెక్కవేస్తే, ఉత్త వ్యాయామం చేసినవారికంటే క్రియాటిన్ కూడా తీసుకున్నవారిలో కొవ్వు కాని శరీర బరువు సగటున 1.4 కిలోలే ఎక్కువ పెరిగింది. ఆ లెక్కలో నీరూ కలిసే ఉంటుంది. ఎముకల విషయంలో ఆశ పెట్టుకోవద్దు. నెలసరి ఆగిన మహిళలపై రెండేళ్లు చేసి 2023లో వెలువరించిన పరీక్షలో ఎముక సాంద్రతకు మేలు కనిపించలేదు.

మూడు నెలలకు మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.2 వచ్చింది. ఇంట్లో కంగారు మొదలయ్యేది ఇప్పుడే. రిపోర్టులో దాని కిందే ఈజీఎఫ్ఆర్ అని మరో అంకె ఉంటుంది. కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతున్నాయో చెప్పే అంచనా అది. ఆయన వయసుకు 1.0 దగ్గర అది 85, 1.2 దగ్గర 68. చూస్తే కిడ్నీల శక్తి అయిదో వంతు పోయినట్టే ఉంటుంది. కానీ ఈజీఎఫ్ఆర్‌ని మామూలుగా ఎవరూ నేరుగా కొలవరు, క్రియాటినిన్ నుంచి లెక్కగడతారు. కండల్లోని క్రియాటిన్ రోజూ కొంత క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. నిల్వ పెరిగితే వచ్చేదీ పెరుగుతుంది. కిడ్నీలు ఎప్పటిలాగే పనిచేస్తున్నా అంకె మారుతుంది.

అలాగని అంకెను కొట్టిపారేయకూడదు. నిజంగా కిడ్నీ దెబ్బతిన్నా పెరిగేది అదే క్రియాటినిన్. తేడా తెలుసుకోవడానికి సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష ఉంది. క్రియాటిన్ తాగినంత మాత్రాన దాని అంకె మారదు. మూత్రంలో ఆల్బుమిన్ పోతోందేమో కూడా చూడాలి. ఆ రెండూ మామూలుగా ఉంటే అనుమానం చాలావరకు తీరుతుంది. సిస్టాటిన్ సి మీ ఊళ్లో చేయకపోతే డాక్టరుకు చెప్పి పొడి ఆపి, నాలుగు నుంచి ఆరు వారాలయ్యాక క్రియాటినిన్ మళ్లీ చేయించవచ్చు. కండలో నిల్వ మామూలు స్థాయికి రావడానికి అంత సమయం పడుతుంది. అప్పటికీ అంకె దిగకపోతే కారణం వేరే చోట ఉంది, వెతకాలి.

ఇదంతా మొదటి రిపోర్టు చేతిలో ఉంటేనే సాధ్యం. పొడి మొదలుపెట్టాక చేసిన పరీక్షలో 1.4 వస్తే, అంతకుముందు ఎంత ఉందో తెలియక డాక్టరు కూడా తేల్చి చెప్పలేరు. షుగర్, బీపీ ఉన్నవారికి, కీళ్లనొప్పులకని రోజూ నొప్పి మాత్రలు వేసుకునేవారికి ఈ పరీక్ష తప్పనిసరి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగర్, బీపీ రెండూ లేనివారికి కూడా కిడ్నీ జబ్బు వస్తోంది. అక్కడివారు "నాకేం లేదు" అనుకుని మొదలుపెట్టకూడదు. కిడ్నీ జబ్బు ఉందని ఇప్పటికే తేలినవారు కిడ్నీ డాక్టరు చెప్పకుండా ఈ పొడి ముట్టకూడదు. మామూలు చెకప్‌కు వెళ్లినా, మందుల జాబితా అడిగినప్పుడు క్రియాటిన్ పేరూ చెప్పాలి. మాత్ర కాదు కదా అని చాలామంది చెప్పరు, డాక్టర్లు ప్రత్యేకించి అడగరు.