ప్రాప్ ప్యాక్‌కు రీడ్‌మీ రాయడం: స్కేల్, పివట్, మెటీరియల్, లైసెన్స్

గేమ్‌లో పాత్రలు కాకుండా కనిపించే రోలు, బిందె, తలుపు, బండి వంటి వస్తువులను ప్రాప్‌లు అంటారు. వాటి త్రీడీ నమూనాలను ఒకచోట చేర్చి ఇతరులకు ఇచ్చేదే అసెట్ ప్యాక్. అందులో ఉండే `README.txt` అనే ఫైలును చాలామంది చివరి రోజున నాలుగు వాక్యాలతో ముగిస్తారు. కానీ ప్యాక్ తెరిచే వ్యక్తి పక్కన మీరు ఉండరు. దూరవిద్యలో పాఠ్యపుస్తకం చేసే పనినే అక్కడ ఆ ఫైలు చేయాలి.

ఉదాహరణకు, ప్రొద్దుటూరు పాత వీధిని గుర్తుకు తెచ్చే ఒక ప్యాక్‌ను మనమే తయారు చేస్తున్నామనుకుందాం. అందులో కడప బండ, ఇంటి తలుపు, ఎద్దుల బండి, ఇత్తడి చెంబు ఉన్నాయి. ఇవి అచ్చం నిజమైనవిగా ఉండవు. తలుపు చెక్క లావుగా, చెంబు పొట్ట పెద్దగా, కొంత బొమ్మల పుస్తకం పోకడలో ఉంటాయి. దీనినే స్టైలైజ్డ్ పద్ధతి అంటారు.

స్కేల్

స్టైలైజ్డ్ వస్తువును చూసి దాని అసలు కొలతను ఊహించలేం. చెంబు పెద్దగా ఉండటం కళాకారుని ఉద్దేశమా, ఎగుమతిలో జరిగిన పొరపాటా అన్నది రీడ్‌మీ చెప్పకపోతే తెలియదు. అందువల్ల మొదట యూనిట్‌ను రాయాలి. బ్లెండర్, యూనిటీ, గోడో సాఫ్ట్‌వేర్లలో 1 యూనిట్ అంటే 1 మీటరు. అన్‌రియల్‌లో 1 యూనిట్ అంటే 1 సెంటీమీటరు. ఆ తరువాత పోల్చుకోవడానికి ఒక కొలత ఇవ్వాలి. ‘పాత్ర ఎత్తు 1.7 మీటర్లు, తలుపు ఎత్తు 2 మీటర్లు అనే లెక్కతో చేశాం’ అన్న ఒక్క వాక్యం ఎంతో గందరగోళాన్ని తప్పిస్తుంది.

కడప బండ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. రెండడుగుల బండ నిజానికి 60.96 సెంటీమీటర్లు. అదే కొలతతో చేస్తే పది బండలు వరుసగా పరిచినప్పుడు 6.096 మీటర్లు వస్తుంది. 6 మీటర్ల వీధిలో చివరి బండ దాదాపు పది సెంటీమీటర్లు గోడలోకి చొచ్చుకుపోతుంది. అందుకే మన ప్యాక్‌లో దానిని సరిగ్గా 0.6 మీటర్లకు కుదించాం. కుదించామన్న సంగతి, గ్రిడ్ విలువ 0.6 అన్న సంగతి రెండూ రీడ్‌మీలో ఉండాలి.

స్కేల్‌లో తరచు జరిగే పొరపాటు కంటికి కనిపించదు. బ్లెండర్ నుండి ఎఫ్‌బీఎక్స్ ఫైలును మామూలు అమరికలతో ఎగుమతి చేసి యూనిటీలో తెరిస్తే బండి సరైన పరిమాణంలోనే ఉంటుంది. కానీ దాని `Scale` గడిలో 1కి బదులు 100 కనిపించవచ్చు. అప్పుడు ఆ బండికి ఒక లాంతరును తగిలిస్తే అది వందరెట్లు పెద్దదై తెరనంతా కమ్మేయవచ్చు. దీనికి నివారణగా, ముందు బ్లెండర్‌లో `Ctrl+A` నొక్కి `Scale` ఎంచుకోవాలి. ఎగుమతి చేసేటప్పుడు `Apply Scalings` వద్ద `FBX All` పెట్టాలి. తరువాత ఒక కొత్త ఖాళీ ప్రాజెక్టులో 1 మీటరు ఘనాన్ని పక్కన ఉంచి సరిచూడాలి.

పివట్

వస్తువు ఏ బిందువును ఆధారంగా చేసుకుని తిరుగుతుందో, ఏ బిందువు వద్ద నేలకు అతుకుతుందో దానిని పివట్ అంటారు. బ్లెండర్‌లో దీని పేరు `Origin`. నేల మీద ఉండే చెంబుకు అడుగుభాగం మధ్యలో, వరుసగా పరిచే బండకు ఒక మూలలో పివట్ ఉండటం సౌకర్యం.

తలుపు సంగతి వేరు. 90 సెంటీమీటర్ల వెడల్పున్న తలుపుకు పివట్ నడిమధ్యన ఉండి, దానిని 90 డిగ్రీలు తిప్పారనుకోండి. తలుపు తెరుచుకోదు. సగం గదిలోకి, సగం వీధిలోకి వచ్చి గడప మధ్యలో అడ్డంగా నిలబడుతుంది. పివట్ బందులు ఉన్న అంచున ఉండాలి. బ్లెండర్‌లో ఆ అంచును ఎంచుకుని `Shift+S` ద్వారా `Cursor to Selected` ఇవ్వాలి. ఆ తరువాత `Object Mode`కు వచ్చి `Set Origin`లో `Origin to 3D Cursor` ఎంచుకోవాలి.

బండికి ఒక్క పివట్ చాలదు. బండి మొత్తానికి ఇరుసు కింద నేలమీద ఒకటి, ఒక్కొక్క చక్రానికి ఇరుసు రంధ్రం మధ్యలో ఒకటి కావాలి. కాబట్టి చక్రాలు విడి వస్తువులుగా ఉండాలి. మన చక్రం వ్యాసం 1.4 మీటర్లు. అంటే ఒక చుట్టుకు బండి సుమారు 4.4 మీటర్లు కదలాలి. ఈ వ్యాసాన్ని రీడ్‌మీలో ఇస్తే యానిమేషన్ చేసేవారు చక్రం జారకుండా లెక్క వేసుకోగలరు. పివట్ కొద్దిగా పక్కకు తప్పినా చక్రం ఎగుడుదిగుడుగా ఊగుతుంది. నిశ్చలంగా ఉన్న బొమ్మలో ఈ దోషం తెలియదు కనుక ఒక పూర్తి చుట్టు తిప్పి చూడవలసిందే.

మెటీరియల్

చెంబుకు `Metallic` విలువ 1, బండకు, చెక్కకు 0. ఇక్కడివరకు సులువు. చిక్కంతా గరుకుదనంతో వస్తుంది. బ్లెండర్ `Roughness` వాడుతుంది. అందులో తెలుపు అంటే గరుకు. యూనిటీ `Smoothness` వాడుతుంది. అది దీనికి తలకిందులు. ఒకదానికి చేసిన చిత్రాన్ని మార్చకుండా మరొకదానికి ఇస్తే ఎండలో ఉన్న వీధి బండలు వాన వెలిసినట్లు మెరుస్తాయి. అలా మెరిస్తే కాంతిని సవరించడం మొదలుపెట్టకండి, ముందు ఈ చిత్రాన్ని చూడండి.

నార్మల్ మ్యాప్‌కూ ఇటువంటి తేడాయే ఉంది. బ్లెండర్, యూనిటీ, గోడో ఓపెన్‌జీఎల్ పద్ధతిని, అన్‌రియల్ డైరెక్ట్‌ఎక్స్ పద్ధతిని అనుసరిస్తాయి. పొరపడితే తలుపు మీద చెక్కిన గాళ్లు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. అన్‌రియల్‌లో టెక్స్చర్‌కు `Flip Green Channel` పెడితే సరిపోతుంది. మనం ఏ పద్ధతిలో ఇచ్చామో రీడ్‌మీలో రాయాలి.

ఇప్పటివరకు చెప్పినదంతా ఇంత చిన్న భాగంలో ఇమిడిపోతుంది.

```
యూనిట్: 1 = 1 మీటరు; పాత్ర ఎత్తు 1.7
గ్రిడ్: 0.6 (బండ)
పివట్: తలుపు - బందుల అంచు; బండ - మూల
చక్రం: వ్యాసం 1.4; పివట్ - ఇరుసు
నార్మల్ మ్యాప్: ఓపెన్‌జీఎల్
గరుకుదనం: Roughness (తెలుపు = గరుకు)
```

లైసెన్స్

‘ఉచితం, వాడుకోండి’ అని రాస్తే సరిపోతుందని విద్యార్థులు అనుకుంటారు. నేను దిద్దిన ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించిన వాక్యం ఇదే. మన 1957 కాపీరైట్ చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలి. 19వ సెక్షన్ నియమాలను 30ఏ సెక్షన్ లైసెన్స్‌లకూ వర్తింపజేస్తుంది. వాటి ప్రకారం వ్యవధి చెప్పకపోతే 5 సంవత్సరాలుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశంగా భావిస్తారు. మీ బండిని వాడి గేమ్ చేసి విదేశాల్లో అమ్మేవారికి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి వ్యవధి, ప్రాంతం, అమ్మకానికి వాడవచ్చా, మార్చవచ్చా, ప్యాక్‌ను యథాతథంగా తిరిగి అమ్మవచ్చా అన్నవి స్పష్టంగా రాయాలి.

సొంతంగా రాయడం కంటే సిద్ధంగా ఉన్న క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌ను పేర్కొనడం మేలని నా అభిప్రాయం. `CC0` అయితే పేరు చెప్పనవసరం లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన కెన్నీ ప్యాక్‌లు ఈ విధంగానే లభిస్తాయి. `CC BY 4.0` అయితే వాడుకున్నవారు మీ పేరు చెప్పి, లైసెన్స్ లంకె ఇచ్చి, మార్పులు చేస్తే ఆ సంగతి తెలపాలి. ఏ పేరుతో చెప్పాలో మీరే ఒక వరుసలో రాసి ఉంచండి.

మీరు మరొకరి వద్ద తీసుకున్న చెక్క టెక్స్చర్ ఒక్కటి `CC BY-NC` అయినా, అది ఉన్న తలుపును అమ్మే గేమ్‌లో వాడకూడదు, ప్యాక్ మీద మీరు `CC0` అని రాసినా సరే. అందుచేత రీడ్‌మీ చివర ప్రతి బయటి ఫైలుకూ పేరు, తీసుకున్న చోటు, దాని లైసెన్స్ రాయాలి. ఆ వివరాలు దొరకని టెక్స్చర్‌ను తీసివేసి, మరొకటి మీరే గీసుకోండి.