కట్టు విప్పగానే గాయం ఏం చెబుతోంది?

ఇంట్లో ఎవరికైనా గాయమైతే మనం మొదట అడిగేది ‘ఏం మందు రాయాలి?’ అనే. నర్సింగ్ విద్యార్థులకు గాయాల పాఠం చెప్పేటప్పుడు నేను ఆ ప్రశ్నను చివరికి నెట్టేస్తాను. అంతకన్నా ముందు తెలుసుకోవాల్సినవి నాలుగున్నాయి. గాయమై ఎన్నాళ్లయింది? దాని అడుగు ఏ రంగులో ఉంది? ఎంత తడిగా ఉంది? చుట్టూ చర్మం ఎలా ఉంది? వీటికి జవాబు దొరికితే ఏ కట్టు వేయాలో చాలావరకు తేలిపోతుంది. కట్టు వేయడం ఆసుపత్రిలో మొదలైనా, వారాల తరబడి దాన్ని మార్చుకునేది ఇంట్లోనే. అందుకే ఈ పాఠం మీకూ అవసరం.

మాచర్ల వైపు నుంచి 52 ఏళ్ల ఆమె ఒకరు మా దగ్గరికి వచ్చారు. ఇంటి ముందు పరచడానికి తెచ్చిన నాపరాయి జారి కాలి మీద పడింది. మోకాలికీ మడమకూ మధ్య ముందువైపు చర్మం లేచిపోయింది. ఆమెకు షుగర్ కూడా ఉంది. మూడు వారాలు ఇంట్లోనే చూసుకున్నారు. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ వచ్చేలా కడిగారు. పసుపు అద్దారు. పగలంతా గాలికి వదిలేసి, రాత్రికి పొడి గాజ్ కట్టారు. పొద్దున అంటుకుపోయిన గాజ్‌ను లాగితే రోజూ నెత్తురొచ్చేది. ‘ఎండితేనే మానుతుందని అందరూ చెప్పారండీ’ అన్నారామె.

మానడంలో నాలుగు దశలు

గాయమైన కొద్ది నిమిషాల్లో నెత్తురు గడ్డకడుతుంది. ఇది మొదటి దశ. తర్వాత నాలుగైదు రోజులు తెల్లరక్తకణాలు అక్కడికి చేరి క్రిములనూ చచ్చిన కండనూ శుభ్రం చేస్తాయి. అప్పుడు కాస్త ఎర్రబడటం, వేడి, వాపు, పల్చటి రసి మామూలే. మూడో దశలో అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ పుట్టుకొస్తుంది, అంచుల నుంచి కొత్త చర్మం లోపలికి పాకుతుంది. దీనికి సుమారు మూడు వారాలు పడుతుంది. పెద్ద గాయాలకైతే ఇంకా ఎక్కువే. నాలుగో దశలో మచ్చ గట్టిపడుతుంది. ఇది ఏడాది దాకా సాగుతుంది. పూర్తిగా మానినా అక్కడి చర్మానికి మునుపటి బలంలో 80 శాతానికి మించి రాదు.

మూడో దశలో అంచు నుంచి కదిలే చర్మకణాలకు తడి నేల కావాలి. పైన ఎండిన పక్కు కడితే అవి దాని కిందికి దిగి, తడి ఉన్న చోటు వెతుక్కుంటూ చుట్టు తిరిగి పోవాలి. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పంది చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పల్చటి పాలిథీన్ పొరతో కప్పాడు. కప్పిన గాయాల మీద చర్మం రెట్టింపు వేగంగా పరుచుకుంది. మనవాళ్లు మాత్రం రెంటచింతల ఎండలో మిరపకాయలు ఆరబోసినట్టు గాయాన్నీ ఆరబెట్టాలనుకుంటారు.

ఇక ఆమె గాయం మూడు వారాలైనా ఎందుకు మానలేదో చూడండి. రాత్రంతా కొత్త కండ పొడి గాజ్ కన్నుల్లోకి అల్లుకునేది. పొద్దున గుడ్డతో పాటు అదీ ఊడివచ్చేది. పెరాక్సైడ్ క్రిములతో పాటు కొత్త కణాలనూ చంపేది. పసుపు మూతపడని గాయంలో మట్టిలా పేరుకుని, అడుగు ఏ రంగులో ఉందో కనపడనివ్వలేదు. పైగా షుగర్ అదుపులో లేదు.

రంగు మారితే కట్టూ మారాలి

ముందుగా పాదంలో నాడి చూశాం, బాగానే అందింది. ధనుర్వాతం టీకా ఇచ్చాం, షుగర్ మందులు సరిచేశాం. సెలైన్‌తో కడిగి కొలిస్తే గాయం పొడవు 4, వెడల్పు 3 సెంటీమీటర్లు. అంటే దాదాపు 12 చదరపు సెంటీమీటర్లు. ఒక అంచున నల్లటి పొర, మిగతా అంతా పసుప్పచ్చని జిగట. ఈ రెండూ చచ్చిన కండే. అది ఉన్నంతకాలం గాయం రెండో దశ దాటదు. సర్జన్ వీలైనంత తొలగించారు. మిగిలిన దాన్ని మెత్తబరచడానికి హైడ్రోజెల్ రాసి పైన గాజ్ కట్టాం.

రెండో వారంలో రసి ఎక్కువైంది. చుట్టూ చర్మం నీళ్లలో నానిన వేలికొనలా తెల్లగా ముడతలు పడింది. తడి మంచిదే కానీ గాయం లోపల మాత్రమే. చుట్టూ నానితే గాయం పెద్దదవుతుంది. వెంటనే జెల్ ఆపి, రసిని పీల్చుకునే ఫోమ్ డ్రెస్సింగ్‌కు మారాం.

నాలుగో వారం చివరికి అడుగంతా ఎర్రగా, గరుకుగా తయారైంది. కొలత 2.5, 2 సెంటీమీటర్లకు, అంటే 5 చదరపు సెంటీమీటర్లకు తగ్గింది. షుగర్ ఉన్నవారి పాదాల పుండ్లు నాలుగు వారాల్లో సగమైనా తగ్గకపోతే మళ్లీ కారణం వెతకాలి. ఇది కాలి మీది గాయమైనా మేం అదే లెక్క పెట్టుకున్నాం. సగానికి పైగా తగ్గింది కాబట్టి దారిలోనే ఉంది. ఇక అంటుకోని పారాఫిన్ గాజ్, దాని మీద మామూలు గాజ్, రెండు మూడు రోజులకోసారి మార్పు. ఏడో వారానికి గులాబీ రంగు చర్మం పూర్తిగా కప్పేసింది. ఫోమ్ వంటివి దొరక్కపోతే అంటుకోని పారాఫిన్ గాజ్ మీద మందంగా గాజ్ వేసి, తడిసినప్పుడల్లా మార్చినా చాలా గాయాలకు పని జరుగుతుంది.

ఒక హెచ్చరిక. కాలి వేలు గానీ మడమ గానీ నల్లగా, పొడిగా ఎండిపోయి ఉంటే ఈ సూత్రం వర్తించదు. అది రక్తం అందక జరిగి ఉండొచ్చు. దాన్ని తడిపితే కుళ్లు మొదలవుతుంది. పొడిగానే ఉంచి వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇంట్లో కట్టు మార్చేటప్పుడు

చేతులు సబ్బుతో కడుక్కోండి. గాజ్ అంటుకుంటే లాగకండి. సెలైన్ గానీ, మరిగించి చల్లార్చిన నీళ్లు గానీ పోసి ఐదు పది నిమిషాలు ఆగితే దానంతటదే వదులుతుంది. పారేసే ముందు ఆ పాత కట్టును చూడండి. పొడిగా అంటుకుందంటే గాయానికి తడి చాలలేదు. పైదాకా తడిసిందంటే పీల్చుకునే కట్టు కావాలి, లేదా ఇంకా త్వరగా మార్చాలి. నెత్తురంటిందంటే కొత్త కండ ఊడుతోంది. వారానికోసారి ఒకే స్కేలుతో పొడవు, వెడల్పు కొలిచి రాసుకోండి. కంటికి తగ్గినట్టే అనిపించినా, నిజం చెప్పేది ఆ అంకెలే.

మొదటి కొద్ది రోజులు దాటాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, చిక్కటి చీము, దుర్వాసన, జ్వరం ఉన్నా కట్టు మార్చి ఊరుకోవద్దు. ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో చుట్టూ పెన్నుతో గీత గీయండి. అది గీత దాటితే అదే రోజు ఆసుపత్రికి రండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవారికి నొప్పి లేకపోవడం ధైర్యం కాదు. వాళ్లు కళ్లతోనే చూసుకోవాలి.

ఇటీవల షుగర్ పరీక్షకు వచ్చినప్పుడు ఆమె కాలు చూపించారు. మచ్చ లేత రంగులో, నున్నగా ఉంది. ‘ఇక పట్టించుకోనక్కర్లేదా?’ అని అడిగారు. నాలుగో దశ ఇంకా నడుస్తోందని, ఆ చోట మళ్లీ దెబ్బ తగిలితే త్వరగా చిరుగుతుందని చెప్పాను.