26 కిలోల బస్తా లెక్క

బియ్యం బస్తా 25 కాకుండా 26 కిలోలు ఎందుకుంటుంది? 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న లేబుల్ ప్యాకెట్లకు 5 శాతం జీఎస్టీ పడింది. ఆ గీత దాటితే పన్ను లేదు. అందుకే చిల్లర, హోల్‌సేల్ ధరలు పోల్చేటప్పుడు బస్తా రేటు కాదు, కిలో రేటు చూడాలి.

ఉదాహరణకు వీధి కొట్లో కిలో 60 రూపాయలు, హోల్‌సేల్ బజారులో బస్తా 1,456 అనుకుందాం. అంటే కిలో 56. బస్తాకు మిగిలేది 104 రూపాయలు. ఆటోకు 120 ఇస్తే పదహారు చేతినుంచే పోయాయి! నాలుగు బస్తాలు ఒకేసారి తెచ్చి ఆటోకు 150 ఇస్తే 266 మిగులుతాయి.

అయితే నెలకు 20 కిలోలు వండే ఇంట్లో అవి అయిదు నెలలు నిలవుండాలి. ముక్కపురుగు పట్టి అయిదు కిలోలు పారబోస్తే 280 నష్టం, మిగిలిందంతా పోయినట్టే. డబ్బా అడుగున పిండిలాంటి పొడి, గింజకు చిల్లులు కనిపిస్తే పురుగు చేరినట్టు. తడిలేని, గాలి చొరని డ్రమ్ము లేకపోతే ఒక్క బస్తాతో సరిపెట్టుకోండి.

నిలవతో నిజంగా లాభమిచ్చేది సంక్రాంతి ముందు వచ్చే కొత్త బియ్యం. కొత్తలో ముద్దవుతాయి, ధర తక్కువ. ఆర్నెల్లకు అవే పాతబడి అన్నం బాగా ఒదుగుతుంది. నూనెకు, రవ్వకు ఈ గుణం లేదు, వాటిని నెలకే కొనండి.