ముల్లు ఒకటే, కొలతలు రెండు

స్కూలు ల్యాబులో కనిపించే గాల్వనామీటరు ముఖం మీద మధ్యలో సున్నా, దానికి అటు ముప్పై గీతలు, ఇటు ముప్పై గీతలు ఉంటాయి. పక్కన G అన్న ఒక్క అక్షరం తప్ప ఆంపియర్లని గానీ, వోల్టులని గానీ ఎక్కడా రాసి ఉండదు. దాన్నే ఓ పిరియడు అమ్మీటరుగా, ఇంకో పిరియడు వోల్టుమీటరుగా మార్చమంటారు. చాలామంది పిల్లలు రెండు సూత్రాలు బట్టీపట్టి, పరీక్షలో ఏది దేనికో తడబడుతుంటారు. లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూస్తే ఆ తడబాటు ఉండదు, ఎందుకంటే ఆ పరికరం మనం ముట్టుకోకముందే అమ్మీటరూ, వోల్టుమీటరూ కూడా. కాకపోతే మరీ చిన్న కొలతలకే పనికొస్తుంది.

పెట్టెలో ఒక శాశ్వత అయస్కాంతం, దాని ధ్రువాల మధ్య సన్నటి రాగి తీగచుట్ట ఉంటాయి. చుట్టలో కరెంటు పారితే అయస్కాంతం దాన్ని తిప్పుతుంది. జుట్టంత సన్నటి స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. ఆ రెండూ సరితూగిన చోట ముల్లు ఆగుతుంది. కరెంటు రెట్టింపైతే ముల్లు కదలిక కూడా రెట్టింపవుతుంది. ఆ చుట్టకు కొంత నిరోధం ఉంది కాబట్టి, దాని గుండా పారే కరెంటు తెలిస్తే రెండు కొసల మధ్య వోల్టేజి ఎంతో ఓమ్ నియమమే చెబుతుంది. కాబట్టి మనకు తెలియాల్సినవి రెండే: చుట్ట నిరోధం ఎంత (దాన్ని G అందాం), ముల్లు చివరి గీతకు చేరాలంటే ఎంత కరెంటు కావాలి (అది Ig).

ఈ రెండింటినీ కనుక్కోవడానికి ల్యాబులో వాడేది సగం విక్షేపం పద్ధతి. రెండు వోల్టుల లెడ్ బ్యాటరీ, ఒక పెద్ద రెసిస్టెన్స్ బాక్సు, గాల్వనామీటరు, కీ ఒకే వరసలో కలుపుతారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాత తరహా రెసిస్టెన్స్ బాక్సులో ఇత్తడి ప్లగ్గు దిగి ఉంటే ఆ నిరోధం సర్క్యూట్లో లేనట్టు, పైకి తీస్తేనే ఉన్నట్టు. ఇది తిరగబడి అర్థమైన విద్యార్థి ప్లగ్గులన్నీ బిగించి కీ వేస్తాడు. ముల్లు ఠక్కున పక్క గోడకు కొట్టుకుంటుంది. అందుకే ముందు కొన్ని వేల ఓములు పైకి తీసి, ఆ తర్వాతే కీ వెయ్యాలి.

మన లెక్కకు 4900 ఓములు తీశాం అనుకుందాం. ముల్లు 20 గీతల దగ్గర ఆగింది. ఇప్పుడు గాల్వనామీటరు రెండు టెర్మినళ్లకూ అడ్డంగా ఇంకో రెసిస్టెన్స్ బాక్సు కలిపి, ముల్లు సరిగ్గా 10కి దిగేదాకా దాన్ని సవరిస్తాం. 98 ఓముల దగ్గర దిగింది. సూత్రం ఇది:

G = R × S / (R − S) = 4900 × 98 / 4802 = 100 ఓములు

మొదటి అమరికలో మొత్తం నిరోధం 4900, 100 కలిపి 5000 ఓములు. రెండు వోల్టులను దానితో భాగిస్తే 0.4 మిల్లీ ఆంపియర్లు. అది ముల్లును 20 గీతలు కదిపింది కాబట్టి ఒక్కో గీతకు 20 మైక్రో ఆంపియర్లు. దీన్నే ఫిగర్ ఆఫ్ మెరిట్ అంటారు. ముప్పై గీతలకు 600 మైక్రో ఆంపియర్లు, అంటే 0.6 మిల్లీ ఆంపియర్లు. అప్పుడు చుట్ట కొసల మధ్య వోల్టేజి 0.0006 × 100 = 0.06 వోల్టు. మన గాల్వనామీటరు ఇప్పటికే 0.6 మిల్లీ ఆంపియర్ల అమ్మీటరు, 60 మిల్లీ వోల్టుల వోల్టుమీటరు అన్నమాట. టార్చి బల్బు కరెంటును గానీ, బ్యాటరీ వోల్టేజిని గానీ కొలవాలంటే ఆ హద్దు పెంచాలి.

ముందు అమ్మీటరు సంగతి. 0.6 ఆంపియర్ల దాకా కొలవాలనుకుందాం. అది చుట్ట తట్టుకునేదానికి వెయ్యి రెట్లు. కాబట్టి వెయ్యి వంతుల్లో ఒక్క వంతే చుట్టలోకి వెళ్లి, మిగతా 999 వంతులు వేరే దారిన పోవాలి. పెద్ద కాలువ నీళ్లలో చిన్న తూము గుండా పొలంలోకి పారేది ఎంతో కొంచెమే అయినా, ఆ పాలు ఎంతో కచ్చితంగా తెలిస్తే కాలువలో ఎన్ని నీళ్లు పారుతున్నాయో చెప్పేయవచ్చు. ఆ వేరే దారి పేరే షంటు. చుట్టకు సమాంతరంగా, అంటే అవే రెండు టెర్మినళ్ల మధ్య కలిపే తక్కువ నిరోధం. సమాంతరంగా ఉన్నాయి కాబట్టి రెండిటి మీదా ఒకే వోల్టేజి ఉండాలి. చుట్ట మీద పూర్తి విక్షేపానికి 0.06 వోల్టు. షంటులో పారాల్సింది 0.6 − 0.0006 = 0.5994 ఆంపియర్లు.

S = Ig × G / (I − Ig) = 0.06 / 0.5994 = 0.1001 ఓము

కింద I − Ig బదులు ఒట్టి I రాసేయడం పరీక్షల్లో తరచూ కనిపించే తప్పు. ఇక్కడ అలా రాస్తే 0.1 వస్తుంది. తేడా వెయ్యిలో ఒకటి, ఎవరూ గుర్తుపట్టరు. అదే గాల్వనామీటరును 1 మిల్లీ ఆంపియర్ దాకా మాత్రమే పెంచాలనుకోండి. సరైన జవాబు 0.06 / 0.0004 = 150 ఓములు. తప్పు సూత్రం 60 ఓములంటుంది, ముల్లు సగం కంటే కాస్త పైన ఆగిపోతుంది.

పదో వంతు ఓము నిరోధాన్ని స్కూలు రెసిస్టెన్స్ బాక్సులో నమ్మకంగా తియ్యలేం. తీగ కోసుకోవాల్సిందే. 1 మిల్లీమీటరు మందం ఉన్న కాన్‌స్టాంటన్ తీగ తీసుకుందాం. దాని నిరోధకత 4.9 × 10⁻⁷ ఓమ్-మీటర్లు, అడ్డుకోత వైశాల్యం 7.85 × 10⁻⁷ చదరపు మీటర్లు. లెక్క చేస్తే తీగ పొడవు దాదాపు 16 సెంటీమీటర్లు. టెర్మినళ్లకు చుట్టడానికి ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువగా కోసి, రెండు మరల మధ్య మిగిలే పొడవు మాత్రం సరిగ్గా 16 ఉండేలా బిగించాలి. అర సెంటీమీటరు తేడా వస్తే రీడింగులో మూడు శాతం తేడా వస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు మర బిగింపుతో వస్తుంది. వదులు టెర్మినల్ దగ్గర 0.02 ఓము అదనపు నిరోధం రావడం పెద్ద విషయం కాదు. మామూలు సర్క్యూట్లో దాన్ని లెక్కలోకే తీసుకోం. ఇక్కడ షంటే 0.1 ఓము కాబట్టి, అది ఇరవై శాతం పెరిగినట్టు. షంటు నిరోధం పెరిగితే ఎక్కువ కరెంటు చుట్టలోకి మళ్లుతుంది, ముల్లు అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. తయారైన అమ్మీటరును ఒక మంచి అమ్మీటరుతో వరసలో కలిపి, కరెంటు మారుస్తూ రెండిటి రీడింగులూ పక్కపక్కన రాస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. ప్రతిచోటా ఒకే నిష్పత్తిలో తేడా వస్తే తీగ పొడవు తప్పు. బల్ల తాకినప్పుడల్లా తేడా మారుతుంటే మర వదులు. ప్రతి రీడింగులోనూ అంతే సంఖ్యలో గీతలు ఎక్కువ వస్తుంటే ముల్లు మొదట్లో సున్నా మీద లేదు. షంటు పూర్తిగా ఊడిపోతే మాత్రం సర్క్యూట్లోని కరెంటంతా చుట్ట గుండానే పోవాలి. రెండు వోల్టుల బ్యాటరీతో అది 20 మిల్లీ ఆంపియర్ల దాకా ఉండవచ్చు, చుట్ట హద్దుకు ముప్పై రెట్లకు పైగా. ముల్లు వంగడం అలాగే జరుగుతుంది.

వోల్టుమీటరు కోసం కొత్తగా చెయ్యాల్సింది ఏమీ లేదు, దాన్ని మనం ఇందాకే తయారుచేశాం. 3 వోల్టుల దాకా కొలవాలంటే, 3 వోల్టులు పడ్డప్పుడు చుట్టలో 0.6 మిల్లీ ఆంపియర్లు మాత్రమే పారేలా వరసలో నిరోధం పెట్టాలి.

R = V / Ig − G = 3 / 0.0006 − 100 = 5000 − 100 = 4900 ఓములు

సగం విక్షేపం ప్రయోగంలో మొదట తీసింది కూడా 4900 ఓములే. అక్కడ రెండు వోల్టుల బ్యాటరీకి ముల్లు 20 గీతలు చూపింది. 3 వోల్టులకు 30 గీతలైతే గీతకు 0.1 వోల్టు, 20 గీతలకు రెండు వోల్టులు. బ్యాటరీ వోల్టేజిని మనకు తెలియకుండానే కొలిచేశాం. 100 తీసెయ్యడం మరిచి వరసలో 5000 పెడితే 3 వోల్టుల దగ్గర ముల్లు 29.4 గీతలే చూపిస్తుంది.

రెండు మీటర్లకూ ఎండాకాలం ఒకేలా ఉండదు. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. ల్యాబులో వేడి 30 నుంచి 40 డిగ్రీలకు చేరితే మన 100 ఓముల చుట్ట 104 అవుతుంది. కాన్‌స్టాంటన్ షంటు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. దాంతో చుట్ట వాటా తగ్గి అమ్మీటరు సుమారు నాలుగు శాతం తక్కువ చూపిస్తుంది. వోల్టుమీటరులో అదే నాలుగు ఓములు 5000లో కలిసిపోతాయి, తేడా వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. కంపెనీ అమ్మీటర్లలో చుట్టకు వరసగా మాంగనిన్ తీగ కొంత కలిపి, ఆ తర్వాతే షంటు వేసేది ఇందుకే. వేడికి నిరోధం మారని ఈ మిశ్రలోహాల మీద పనిచేసి, వాటిని మీటర్లలోకి తెచ్చినవాడు ఎడ్వర్డ్ వెస్టన్. 1888లో అమెరికాలో మీటర్ల కంపెనీ పెట్టాడు. మన ల్యాబుల్లోని ఈ రకం గాల్వనామీటరును ఇప్పటికీ వెస్టన్ గాల్వనామీటరు అనే పిలుస్తారు.

వోల్టుమీటరుకు ఉన్న ఇబ్బంది వేరు. 5000 ఓముల నిరోధాలు రెండు వరసగా పెట్టి, వాటికి 3 వోల్టులు ఇచ్చామనుకోండి. ఒక్కో దాని మీద 1.5 వోల్టులు ఉండాలి. వాటిలో ఒకదానికి మన వోల్టుమీటరు తగిలిస్తే అది 1 వోల్టు చూపిస్తుంది. మీటరు తప్పు చెప్పలేదు. దాని సొంత నిరోధం కూడా 5000 ఓములే కావడంతో ఆ చోట 5000 కాస్తా 2500 అయింది, వోల్టేజి నిజంగానే 1కి పడిపోయింది. మీటరు తీసేయగానే మళ్లీ 1.5 అవుతుంది, కానీ అప్పుడు చూడటానికి మీటరు ఉండదు. బజారులో దొరికే చాలా డిజిటల్ మల్టీమీటర్లకు వోల్టేజి కొలిచేటప్పుడు నిరోధం దాదాపు కోటి ఓములు ఉంటుంది. అదే చోట పెడితే అవి 1.50 చూపిస్తాయి.